డొమైన్ ఖాళీగా ఉంటే పేరు ఖాళీగా ఉన్నట్టేనా?

క్లుప్తంగా: డొమైన్ అమ్మే సైట్లో Available అని కనిపించినంత మాత్రాన ఆ పేరు వ్యాపారానికి పనికొస్తుందని కాదు. డొమైన్ రిజిస్టరు అక్షరాలను మాత్రమే చూస్తుంది. ట్రేడ్‌మార్క్ చట్టం ఆ పేరు చెవికి ఎలా వినపడుతుందో, కంటికి ఎలా కనపడుతుందో, ఏ సరుకు మీద అంటిస్తున్నారో కలిపి చూస్తుంది. తెలుగు మాటకు ఇంగ్లిష్ అక్షరాల్లో స్థిరమైన స్పెల్లింగ్ ఉండదు కాబట్టి ఒక్క రూపం వెతికి ఊరుకుంటే సరిపోదు. గుంటూరులో కారప్పొడి, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మబోయే ఒక ఊహాజనిత వ్యాపారాన్ని తీసుకుని, పేరు ఎలా వెతకాలో, దొరికిన ఫలితాన్ని ఎలా చదవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

## ఊళ్లో కొట్టుకు లేని చిక్కు వెబ్‌సైట్‌కు ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో బోర్డు పెట్టుకున్న పచ్చళ్ల కొట్టు ఒకటి, నాగపూర్‌లో అదే పేరుతో మసాలాలు అమ్మే కొట్టు ఇంకొకటి ఉన్నాయనుకుందాం. పదేళ్లు గడిచినా ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవచ్చు. కొనేవాళ్లు వేరు, వీధులు వేరు, ఎవరూ పొరబడరు. గుంటూరు కొట్టు వెబ్‌సైట్ తెరిచి కొరియర్‌లో పార్సిళ్లు పంపడం మొదలుపెట్టిన రోజున ఆ దూరం పోతుంది. నాగపూర్‌లో కూర్చుని ఫోన్‌లో ఆ పేరు కొట్టిన మనిషికి రెండూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పొరపాటుకు వీలు ఉందా లేదా అన్నదే ట్రేడ్‌మార్క్ చట్టంలో అసలు ప్రశ్న. ఆ వీలు ఇంటర్నెట్‌తో వచ్చిపడింది.

దీనికి తోడు దావా ఎక్కడ వేయాలన్న విషయం ఉంది. రిజిస్టరైన మార్కు యజమాని తాను వ్యాపారం చేసే చోటనే దావా వేసుకునే వీలును 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంలోని 134వ సెక్షన్ కల్పించింది. కోర్టు తీర్పులు దీనికి కొన్ని హద్దులు పెట్టాయి. అయినా గుంటూరు చిన్న వ్యాపారి వేరే రాష్ట్రంలో వకీలును పెట్టుకోవలసిన పరిస్థితి రావచ్చు. ఆ ఖర్చు భరించలేకే చాలామంది నోటీసు అందగానే పేరు మార్చేసుకుంటారు. అప్పటికి కవర్ల ప్రింటింగ్‌కు రంగుకొకటి చొప్పున చేయించిన సిలిండర్లు, ఆహార లైసెన్సులోని పేరు, ఇన్‌స్టాగ్రామ్‌లో పోగైన ఫాలోవర్లు అన్నీ పాత పేరుకు కట్టుబడి ఉంటాయి.

## రెండు రిజిస్టర్లు, రెండు కొలతలు

డొమైన్ రిజిస్టరు పని చేసే తీరు సూటిగా ఉంటుంది. అడిగిన అక్షరాల వరుస అచ్చంగా అలాగే ఇంకెవరి పేరునైనా ఉందా అని చూస్తుంది. లేకపోతే ఇచ్చేస్తుంది. ఒక్క అక్షరం ఎక్కువైనా దాని లెక్కలో అది వేరే పేరే. ఈ పేరు వల్ల ఇతరుల హక్కులకు భంగం లేదని కొనేవారే ఒప్పందంలో హామీ ఇస్తారు. డొమైన్ అమ్మే సంస్థ ఆ మాట నిజమో కాదో పరిశీలించదు. ఎవరూ చదవకుండా టిక్కు పెట్టే ఆ పేజీలో ఉన్నది ఇదే.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ కొలత పూర్తిగా వేరు. మామూలు తెలివితేటలున్న కొనుగోలుదారు, రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చకుండా, మసకగా గుర్తున్న జ్ఞాపకంతో ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే అవకాశం ఉందా అని చూస్తారు. సుప్రీంకోర్టు 1962లో అమృతధార, లక్ష్మణధార మందుల కేసులో ఈ కొలతనే వాడింది. రెండు మాటల మొదటి భాగాలు వేరైనా, మొత్తంగా వినికిడిలో పోలిక ఉందని తేల్చింది.

ఈ రెండు కొలతలూ నేరుగా ఢీకొన్న కేసు సత్యం ఇన్ఫోవేది. ఆ సంస్థ తన పేరులోని ముక్కలను కలిపి సిఫీ అనే మాటను తయారు చేసుకుని 1999లో sifynet.com వంటి డొమైన్లు తీసుకుంది. 2001లో మరో సంస్థ siffynet.com, siffynet.net పేర్లతో వ్యాపారం మొదలుపెట్టింది. డొమైన్ రిజిస్టరు దృష్టిలో ఒక f ఎక్కువ ఉంది కాబట్టి ఏ అడ్డంకీ లేదు. బెంగళూరు సివిల్ కోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది, చివరికి 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపు నిలిచింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, వ్యాపారాన్ని గుర్తించే గుర్తుగా కూడా పని చేస్తుందనీ, ఒకరి సరుకును మరొకరిదిగా చలామణీ చేయకూడదన్న సూత్రం దానికీ వర్తిస్తుందనీ చెప్పింది. మన దేశంలో డొమైన్ పేర్ల తగాదాలకు నేటికీ ఇదే పునాది.

## ఊరి పేరు, సరుకు పేరు పెట్టుకుంటే

గుంటూరు నుంచి కారం అమ్మేవారికి మొదట తట్టేది ఊరి పేరూ సరుకు పేరూ కలిపిన డొమైన్. గూగుల్‌లో వెతికేవారికి తొందరగా దొరుకుతుందన్న ఆలోచన దాని వెనుక ఉంటుంది. ఆ మేరకు అది నిజమే. ఎవరి మార్కుతోనూ తగాదా రాకపోవచ్చు కూడా. కానీ అలాంటి పేరును తమదిగా కాపాడుకోవడం దాదాపు సాధ్యం కాదు. సరుకు రకాన్ని, నాణ్యతను, పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలను రిజిస్టర్ చేయకూడదని చట్టంలోని 9వ సెక్షన్ అంటుంది. గుంటూరు, మిర్చి, దంపుడు, ఘాటు, స్పైసెస్ వంటి మాటలు మిర్చి యార్డు చుట్టుపక్కల ప్రతి వ్యాపారికీ కావలసినవి. ఒకరికి రాసిచ్చేస్తే మిగతావారు తమ సరుకేమిటో చెప్పుకోలేరు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వినగానే ఫలానా వ్యాపారమే గుర్తొచ్చేంత పేరు తెచ్చుకుంటే మినహాయింపు ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారి దగ్గర ఆ రుజువు ఉండదు.

గుంటూరు సన్నం అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. మంగళగిరి చీరలకు, కొండపల్లి బొమ్మలకు కూడా ఉంది. అలాంటి పేరు ఆ ప్రాంతంలో పండించేవారందరి ఉమ్మడి హక్కు. దాన్ని ఒక వ్యాపారి ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేసుకోవడాన్ని భౌగోళిక గుర్తింపు చట్టం అడ్డుకుంటుంది. తేజ రకమో, బ్యాడిగి రకమో నింపి ఆ పేరు అంటిస్తే అది మరో తప్పు.

కాబట్టి పేరు సరుకును నేరుగా చెప్పకుండా సూచించేదిగానో, దానితో సంబంధం లేని మాటగానో, కొత్తగా అల్లిన మాటగానో ఉంటే మేలు. పేరు కింద చిన్న అక్షరాల్లో గుంటూరు కారప్పొడులు అని రాసుకుంటే సరుకేమిటో తెలుస్తుంది, గూగుల్‌కూ అందుతుంది.

## తెలుగు మాట, ఇంగ్లిష్ అక్షరాలు

ఇక వెతుకులాటకు వద్దాం. ఉదాహరణకు పొత్రం అన్న పేరు అనుకుందాం. రుబ్బురోట్లో తిరిగే రాయి అది. కారప్పొడి, పచ్చళ్ల వ్యాపారానికి సూచనగా ఉంటుంది, సరుకును వర్ణించదు. ఇది వివరణ కోసం తీసుకున్న మాట మాత్రమే. కింద చెప్పే ఫలితాలు కూడా ఊహించుకున్నవే, రిజిస్టరులో ఉన్నవి కావు.

ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్ ipindia.gov.in ద్వారా ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు. అక్కడ Wordmark, Phonetic, Vienna Code అని మూడు మార్గాలుంటాయి. మొదటిది అక్షరాలను బట్టి, రెండోది ఉచ్చారణను బట్టి వెతుకుతుంది, మూడోది బొమ్మల గుర్తుల కోసం. Wordmark మార్గంలో మళ్లీ Start With, Contains, Match With అని మూడు ఎంపికలు. ఎక్కువ మంది పూర్తి పేరు టైపు చేసి Start With మీదే వదిలేస్తారు. అలా POTHRAM అని వెతికితే SRI POTHRAM అన్న మార్కు కనపడదు, ఎందుకంటే అది S తో మొదలవుతుంది. POTRAM కూడా కనపడదు, ఎందుకంటే h లేదు. ఫలితాల పేజీ ఖాళీగా ఉంటుంది, వెతికినవారు నిశ్చింతగా డొమైన్ కొనేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే.

తెలుగువాళ్లం త ను th అని రాస్తాం, ఉత్తరాదివాళ్లు t అని రాస్తారు. ద, డ లు రెండూ d కావచ్చు, dh కావచ్చు. వ కు v, w రెండూ ఉన్నాయి. శ, ష, స లు s కు, sh కు మధ్య తిరుగుతాయి. మాట చివరి ము ఉంటుంది, ఊడిపోతుంది. మాట మొదటి ఎ ను కొందరు E తో, ఎక్కువ మంది Ye తో రాస్తారు. అందుకని పూర్తి మాటను వదిలి, ఏ స్పెల్లింగ్‌లోనైనా మిగిలే ముక్కను పట్టుకుని Contains ఎంపికతో వెతకాలి. పొత్రం విషయంలో ఆ ముక్కలు ఇవి:

```
POTR
POTHR
POTTR
PATR
PATHR
```

చివరి రెండూ ఎందుకంటే, ఆ మాట తెలియని మనిషి దాన్ని పత్రం అనో పాత్రం అనో చదివే అవకాశం ఉంది. కొనేవాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు, ఫోన్‌లో విని టైపు చేసేవాళ్లూ ఉంటారు. ఆ తర్వాత Phonetic మార్గంలో కూడా ఒకసారి చూడాలి. అది కొత్త పోలికలను చూపిస్తుంది. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే తెలుగు పేర్లు జారిపోతాయి. చివరగా అర్థాన్ని పట్టుకుని వెతకాలి. రోలు, ROLU, PESTLE వంటి మాటలు అదే సరుకు మీద, అదే బొమ్మతో ఉంటే పోలిక ఉందని వాదించే వీలుంటుంది.

## ఏ తరగతుల్లో చూడాలి

సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. 1 నుంచి 34 దాకా సరుకులవి, 35 నుంచి 45 దాకా సేవలవి. పబ్లిక్ సెర్చ్ ఒకసారికి ఒక తరగతిలోనే చూపిస్తుంది కాబట్టి ఏ తరగతులో ముందే తేల్చుకోవాలి. ఇక్కడ పచ్చళ్ల వ్యాపారులు తరచూ తడబడతారు. పచ్చళ్లు 29వ తరగతి. కారప్పొడి, పసుపు, మసాలా పొడులు 30వ తరగతి. చట్నీలను కూడా 30లో చేరుస్తారు. అంటే మన భాషలో ఒకే గిన్నెలో ఉండేవి అక్కడ రెండు చోట్ల ఉంటాయి. తాజా పచ్చిమిర్చి 31. వెబ్‌సైట్‌లో సరుకులు అమ్మే సేవ 35. కాబట్టి పైన ఇచ్చిన ప్రతి ముక్కనూ కనీసం 29, 30, 35 తరగతుల్లో, తాజా మిర్చి కూడా అమ్మేటట్టయితే 31లోనూ చూడాలి. ఐదు ముక్కలు, మూడు తరగతులు అంటే పదిహేను వెతుకులాటలు. ఒక పూట పని.

తరగతి సంఖ్య పాలనా సౌలభ్యం కోసం పెట్టుకున్నది, పోలికకు అది హద్దు కాదు. 29లోని పచ్చడీ 30లోని కారప్పొడీ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి, ఒకే ఇంటివాళ్లు కొంటారు. తరగతి వేరు కాబట్టి తగాదా ఉండదనుకోవడం పొరపాటు. దీనికి ఎదురు వైపూ నిజమే. ఒకే తరగతిలో ఉన్నంత మాత్రాన తగాదా తప్పదనీ కాదు. నందిని పేర్ల కేసు దీనికి మంచి ఉదాహరణ. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి NANDINI పేరు వాడుతోంది. 1989 నుంచి NANDHINI పేరుతో రెస్టారెంట్లు నడుపుతున్న సంస్థ తన మార్కును రిజిస్టర్ చేసుకోబోతే సమాఖ్య అభ్యంతరం చెప్పింది. తేడా ఒక్క h. తరగతులు కూడా కలిశాయి. అయినా 2018లో సుప్రీంకోర్టు రెస్టారెంట్ సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. నందిని అన్నది దేవత పేరు, ఆవు పేరు, ఒకరు కనిపెట్టిన మాట కాదు. రెండు మార్కుల రూపం వేరు, సరుకులు వేరు. అయితే పాలు, పాల పదార్థాల మీద మాత్రం రెస్టారెంట్ సంస్థకు రిజిస్ట్రేషన్ దక్కలేదు.

ఈ తీర్పును చూసి, ఒక h తేడా ఉంటే చాలు అనుకోవడం ప్రమాదం. నెగ్గింది ఇరవై ఏళ్లకు పైగా నడిచిన వ్యాపారం, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక. నిన్న మొన్న మొదలుపెట్టిన వెబ్‌సైట్‌కు ఆ బలం ఉండదు.

## ఫలితాన్ని చదవడం

పదిహేను వెతుకులాటల తర్వాత మూడు పేర్లు తేలాయనుకుందాం.

మొదటిది 30వ తరగతిలో SRI PATHRAM, టీ పొడికి, స్థితి Registered. వినికిడిలో కొంత పోలిక ఉంది, అర్థం వేరు, సరుకు టీ. వాదించి నిలబడే అవకాశం ఉన్న ఫలితం ఇది. అభ్యంతరం రాదని మాత్రం చెప్పలేం.

రెండోది 29వ తరగతిలో POTRAM FOODS, పచ్చళ్లకు, స్థితి Objected. రెండేళ్ల కింద దాఖలైంది. ఆ స్థితిని చూసి దరఖాస్తు తిరస్కరించారని చాలామంది అనుకుంటారు. రిజిస్ట్రీ పరిశీలకుడు ప్రశ్నలు అడిగాడనే దాని అర్థం. జవాబు ఇచ్చాక అది రిజిస్టర్ కావచ్చు. ఎంత ఆలస్యంగా రిజిస్టరైనా హక్కు లెక్క దరఖాస్తు తేదీ నుంచే మొదలవుతుంది. ఫుడ్స్ అన్న మాటను ఎవరూ పట్టించుకోరు, మిగిలిన POTRAM అచ్చంగా అదే పేరు, అదే సరుకు. పొత్రం అన్న ఆలోచన దాదాపు ఇక్కడే ఆగిపోతుంది.

మూడోది 35వ తరగతిలో POTHRAM, స్థితి Abandoned. జవాబు ఇవ్వక దరఖాస్తు వదిలేశారు. రిజిస్టరు ప్రకారం ఆ పేరు మీద హక్కు ఏమీ లేదు. కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే రాజమండ్రి నుంచి ఆ పేరుతో నాలుగేళ్లుగా పొడులు అమ్ముతున్నారనుకుందాం. కాగితం మీద చనిపోయిన ఈ పేరు పైరెండింటి కంటే పెద్ద అడ్డంకి కావచ్చు.

మన చట్టంలో ముందుగా వాడినవారి హక్కు రిజిస్ట్రేషన్ కంటే బలమైనది. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఇరుట్టుక్కడై అంటే చీకటి కొట్టు. తరాలుగా ఆ పేరుతో హల్వా అమ్ముతున్న కుటుంబం ఒకవైపు, ముందు తిరునెల్వేలి అన్న మాట చేర్చి ఆ పేరు వాడినవారు మరోవైపు. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉంది. అయినా ముందు వాడినవారు ఎదుటివారిని ఆపగలరని కోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉన్నా కాపాడలేదన్న మాట.

ఈ తీర్పులో మరో పాఠం కూడా ఉంది. అడ్డంకి ఎదురైనప్పుడు ముందో వెనకో ఒక మాట తగిలిస్తే సరిపోతుందన్న సలహా చాలాచోట్ల వినపడుతుంది. గుంటూరు పొత్రం, పొత్రం ఆన్‌లైన్, మై పొత్రం వంటివి. తిరునెల్వేలి అన్న మాట చేర్చినా ఆ హల్వా పేరు వేరు పేరు కాలేదు. కొనేవారి మనసులో నిలిచే మాట మారనంత కాలం పక్కన ఏం చేర్చినా అది పాత పేరే.

అందువల్ల రిజిస్టరు వెతుకులాట సగం పని మాత్రమే. మిగతా సగం గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ప్లే స్టోర్, కంపెనీల పేర్లకు mca.gov.in. వీటిలో తెలుగు లిపిలోనూ వెతకాలి. పచ్చళ్ల వ్యాపారాలు చాలావరకు తమ పేజీలను తెలుగులోనే నడుపుతాయి. ప్రతి ఫలితాన్నీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే, పేరు ఎంచుకున్నప్పుడు మంచి ఉద్దేశంతోనే వెతికారని చెప్పుకోవడానికి తర్వాత పనికొస్తుంది.

ఎంత వెతికినా కనపడనివి కొన్ని ఉంటాయి. నిన్న దాఖలైన దరఖాస్తు సెర్చ్‌లోకి రావడానికి సమయం పడుతుంది. విదేశాల్లో దాఖలు చేసినవారు ఆరు నెలల లోపు ఇక్కడ దాఖలు చేస్తే అక్కడి తేదీనే లెక్కలోకి వస్తుంది. రెన్యూ చేయక రిజిస్టరు నుంచి తొలగించిన మార్కు కూడా, Removed అని కనిపించినా, ఇంకో ఏడాది పాటు కొత్త దరఖాస్తులకు అడ్డుపడగలదు.

## రెండో పేరు, దాని డొమైన్

పొత్రం వదిలేసి జాబితాలో రెండో పేరు ఎర్రంచు అనుకుందాం. చీర అంచును గుర్తుచేసే మాట, మిర్చి రంగును తాకుతుంది, కారాన్ని వర్ణించదు. దీనికి స్పెల్లింగులు ERRANCHU, YERRANCHU, ERANCHU, ERRANCU. అన్నింటినీ ERRANC, ERANC అనే ముక్కలతో వెతికితే ముందు Y ఉన్నా లేకపోయినా దొరుకుతాయి. మూడు తరగతుల్లోనూ, బయటా ఏమీ తేలలేదనుకుందాం. అప్పుడు erranchu.in, yerranchu.in రెండూ కొనడం మంచిది. సగం మంది ఒకలా, సగం మంది ఇంకొకలా టైపు చేస్తారు. రెండోదాన్ని మొదటిదానికి మళ్లిస్తే చాలు. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ కూడా తీసుకోవచ్చు కానీ ఈమెయిల్‌కు, బిల్లుల మీద వేయడానికి ఇంగ్లిష్ అక్షరాలదే సులువు.

కొనే ముందు ఆ డొమైన్ గతం చూడాలి. ఇంతకు ముందు ఎవరైనా వాడి వదిలేసి ఉంటే web.archive.org లో పాత పేజీలు కనిపిస్తాయి. అదే సరుకు అమ్మిన సైటైతే ఆ వ్యాపారం మరో చిరునామాలో ఇంకా నడుస్తూ ఉండవచ్చు.

అదే పేరుకు .com ఇంకొకరి దగ్గర ఉంటే ఏమవుతుందన్నది తరచూ వచ్చే ప్రశ్న. వాళ్లు వేరే వ్యాపారం చేస్తుంటే సాధారణంగా సమస్య లేదు. వాళ్లదీ అదే వ్యాపారమైతే .in తీసుకోవడం తగాదాకు పిలుపే. .in డొమైన్ల తగాదాలు ఆ రిజిస్టరును నడిపే నిక్సీ సంస్థ పెట్టిన విధానం కింద, .com లాంటివి అంతర్జాతీయ విధానం కింద మధ్యవర్తి ముందుకు వెళతాయి. రెండింటిలోనూ ఫిర్యాదుదారు మూడు విషయాలు చూపాలి: పేరు తన మార్కును పోలి ఉందని, ఎదుటివారికి దాని మీద న్యాయమైన ఆసక్తి లేదని, దురుద్దేశం ఉందని. తేడా మూడోదాని దగ్గర. .com కు డొమైన్ కొన్నప్పుడూ, వాడుతున్నప్పుడూ కూడా దురుద్దేశం ఉందని చూపాలి. .in కు ఆ రెండింటిలో ఒకటి చూపినా చాలు. అంటే .in డొమైన్ పోగొట్టుకోవడం కొంత తేలిక. మధ్యవర్తి డొమైన్‌ను రద్దు చేయవచ్చు, ఫిర్యాదుదారుకు బదిలీ చేయవచ్చు.

## ఏది ముందు, ఏది తర్వాత

వెతుకులాట ముగిసిన రోజే డొమైన్ కొనడం సబబు. ధర తక్కువ, ఆలస్యమైతే ఇంకొకరు తీసుకోవచ్చు. తర్వాత కొద్ది రోజుల్లోనే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేయాలి. కవర్ల సిలిండర్లు, బోర్డు, లైసెన్సు ఆ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు: ముందు కవర్లు, తర్వాత సైటు, అమ్మకాలు బాగుంటే ట్రేడ్‌మార్క్. అప్పటికి పేరు మార్చడం అన్నిటికంటే ఖరీదైన పని అవుతుంది.

దరఖాస్తు ఫారం TM-A. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, సొంత యాజమాన్యపు వ్యాపారాలకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. మూడు తరగతులకు 13,500 లేదా 27,000 అన్న మాట. భాగస్వామ్య సంస్థ చిన్న సంస్థ రాయితీ పొందాలంటే ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేయాలి. డబ్బు ఒక్క తరగతికే సరిపోతే, ఎక్కువ అమ్మే సరుకు ఏ తరగతిలో ఉందో ముందు అది వేయడం మేలు. కారప్పొడి ఎక్కువైతే 30, పచ్చళ్లు ఎక్కువైతే 29. లోగో కంటే ముందు ఉత్త మాటకు దరఖాస్తు వేస్తే రక్షణ విస్తృతంగా ఉంటుంది, లోగో రేపు మారినా పేరు మిగులుతుంది. తెలుగు లిపిలో వేసేటట్టయితే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం రాసి ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ వ్యాపారుల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి.

ఫారంలో వాడకం తేదీ అడుగుతారు. ఇంకా అమ్మకం మొదలుపెట్టకపోతే వాడబోతున్నాం అన్న ఎంపికే పెట్టాలి. పాత తేదీ వేస్తే బలం వస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఆ తేదీకి అఫిడవిట్‌తో పాటు బిల్లుల వంటి ఆధారాలు జత చేయాలి. తప్పుడు తేదీ బయటపడితే దరఖాస్తుతో పాటు కోర్టులో మాట మీద నమ్మకం కూడా పోతుంది. నిజంగా అమ్మకం మొదలైన రోజు నుంచి మొదటి బిల్లు, మొదటి కొరియర్ రసీదు, మొదటి కవరు ఫొటో దాచుకోవడమే అసలైన బలం.

పరిశీలన నివేదికలో అభ్యంతరాలుంటే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ గడువు ఈమెయిల్‌లో వచ్చి ఎవరూ చూడక దాటిపోవడం వల్ల వదిలేసినట్టు నమోదయ్యే దరఖాస్తులు ఉంటాయి. అంగీకరించాక మార్కును ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రచురిస్తారు. ఆ తర్వాత నాలుగు నెలల లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఎవరూ రాకపోతే, వచ్చినా నెగ్గితే, దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ల పాటు రిజిస్ట్రేషన్ ఉంటుంది. దరఖాస్తు వేసిన రోజు నుంచి పేరు పక్కన ™ వేసుకోవచ్చు. ® మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా వేయకూడదు, చట్టం దాన్ని నిషేధించింది. కవర్ల సిలిండర్లు చేయించేటప్పుడు ఏ గుర్తు వేస్తున్నారో ప్రెస్సువారితో తేల్చుకోవాలి.